రీసెర్చ్ అసిస్టెంట్ దరఖాస్తులో నైపుణ్య వివరణ: ఒక ఉదాహరణ పరిశీలన

వ్యవసాయ పరిశోధన స్థానాల్లో కాలపరిమితి గల పథకాలకు రీసెర్చ్ అసిస్టెంట్లను ఎంపిక చేసేటప్పుడు మార్కుల జాబితాతో పాటు అభ్యర్థి స్వయంగా రాసిన ఒక పేజీ వివరణను కూడా కోరడం ఉంది. ఏయే పనులు వచ్చునో, పథకంలో ఏమి నేర్చుకోదలచారో అందులో తెలపాలి. ఈ పేజీ ఎలా ఉండాలన్నది భాషకు సంబంధించిన ప్రశ్నగా కనబడుతుంది. నిజానికి అది కొలతకు సంబంధించిన ప్రశ్న. తేమ శాతం చెప్పని ధాన్యం దిగుబడి ఎంత అసంపూర్ణమో, ఏ పరిస్థితుల్లో, ఎన్నిసార్లు, ఏ సరిచూపుతో చేశారో చెప్పని నైపుణ్యం కూడా అంతే అసంపూర్ణం. ఈ విషయాన్ని ఒక ఉదాహరణ ద్వారా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణకు తీసుకున్న అభ్యర్థిని సస్యశాస్త్రంలో ఎమ్మెస్సీ ఇటీవలే పూర్తి చేసింది. వరిలో నత్రజని మోతాదులపై ఆమె సిద్ధాంత వ్యాసం రాసింది. ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు, మొత్తం 24 మడులు గల యాదృచ్ఛిక ఖండాల ప్రయోగం అది. ఆమె దరఖాస్తు చేస్తున్న పథకం వరి మడుల్లో నిరంతరం నీరు నిలిపే పద్ధతిని, నీరు కట్టి ఆరనిచ్చి మళ్లీ కట్టే పద్ధతిని పోల్చి, దిగుబడితో పాటు మీథేన్ విడుదలను కొలిచే పథకం. ఆమె మొదటి ప్రతిలో ముఖ్యమైన భాగం ఇలా ఉంది:

“మట్టి విశ్లేషణలోను, క్షేత్ర ప్రయోగాల నిర్వహణలోను నాకు మంచి అనుభవం ఉంది. కష్టపడి పనిచేసే తత్వం, కొత్త విషయాలు నేర్చుకోవాలనే తపన నాకు ఉన్నాయి. అవకాశం లభిస్తే శక్తివంచన లేకుండా పనిచేయగలనని మనవి.”

ఈ మూడు వాక్యాల్లో అబద్ధం లేదు. అయితే సరిచూడదగిన అంశం కూడా ఒక్కటీ లేదు. ఇవే వాక్యాలను ఆమె సహపాఠులలో ఎవరు రాసినా సరిపోతాయి. మట్టిని తానే విశ్లేషించిన వారికి, ప్రయోగశాల సహాయకుడు విశ్లేషించి ఇచ్చిన అంకెలను పట్టికలో నింపిన వారికి మధ్య భేదం ఈ వాక్యాల్లో కనబడదు. పథకం నిర్వహించే శాస్త్రవేత్తకు కావలసింది ఆ భేదమే. రేపు ఆ అభ్యర్థి రాసిన అంకెల మీదనే రైతులకు సిఫారసు వెలువడుతుంది.

మట్టి విశ్లేషణ: ఒక బ్లాంక్ రీడింగు చెప్పే విషయం

“మట్టి విశ్లేషణ వచ్చు” అన్న మాటను విడదీస్తే అందులో అనేక పనులు ఉన్నాయి. ఈ అభ్యర్థిని స్వయంగా చేసినది సేంద్రియ కర్బనం నిర్ధారణ. వాక్లీ, బ్లాక్ 1934లో ప్రకటించిన పద్ధతి ఇది. సన్నని జల్లెడలో పట్టిన ఒక గ్రాము మట్టిని 500 మి.లీ. శంఖు కుప్పెలో తీసుకుని, దానికి 1 నార్మల్ పొటాషియం డైక్రోమేట్ ద్రావణం 10 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ. కలిపి అరగంట ఉంచుతారు. ఆమ్లం కలిసినప్పుడు పుట్టే వేడిలో మట్టిలోని కర్బనం ఆక్సీకరణ చెంది కొంత డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది. తరువాత 200 మి.లీ. నీరు, 10 మి.లీ. ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫినైలమిన్ సూచిక చేర్చి, మిగిలిన డైక్రోమేట్‌ను 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో అంశమాపనం చేస్తారు. ఊదారంగు నుంచి ఆకుపచ్చకు మారిన చోట రీడింగు తీసుకుంటారు. మట్టి లేకుండా ఇదే క్రమంలో చేసినది బ్లాంక్.

ఈ పద్ధతిలో తప్పు జరిగే చోటు బ్యూరెట్ కాదు, సీసా. ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం గాలి తగిలి క్రమంగా ఆక్సీకరణ చెంది బలహీనమవుతుంది. అందువల్ల నిన్నటి బ్లాంక్ నేటికి చెల్లదు. అభ్యర్థిని నోట్‌పుస్తకంలోని పద్ధతిని అనుసరించి ఒక లెక్క చూడవచ్చు. ద్రావణం తాజాగా ఉన్న రోజు బ్లాంక్ 20.0 మి.లీ. వచ్చింది. ఒక నమూనాకు 17.0 మి.లీ. వచ్చింది. ఖర్చైన డైక్రోమేట్ 10 × (20.0 − 17.0) ÷ 20.0 = 1.5 మి.లీ. దానిని 0.3తో గుణిస్తే ఒక గ్రాము మట్టికి సేంద్రియ కర్బనం 0.45 శాతం.

కొన్ని రోజుల తరువాత అదే మట్టిని, అదే సీసాలోని ద్రావణంతో మళ్లీ చేశారనుకుందాం. ద్రావణం బలహీనపడినందున బ్లాంక్ 21.0 మి.లీ.కు పెరుగుతుంది. నమూనా రీడింగు కూడా 17.85 మి.లీ.కు పెరుగుతుంది. ఆ రోజు బ్లాంక్‌నే వాడితే 10 × 3.15 ÷ 21.0 × 0.3 = 0.45 శాతం, అంటే అదే జవాబు. బ్లాంక్ చేయకుండా పాత 20.0ను వాడితే 10 × 2.15 ÷ 20.0 × 0.3 = 0.32 శాతం. మట్టి మారలేదు, చేయి తప్పలేదు, అయినా కర్బనంలో నాలుగో వంతుకు పైగా మాయమైంది.

ఈ తప్పు ఎక్కడ చేరుతుందన్నది ఇంకా ముఖ్యం. ఒకే పంటకాలంలో నత్రజని మోతాదు వల్ల సేంద్రియ కర్బనం 0.13 శాతం మారడం సాధారణంగా ఆశించదగినది కాదు. మొదటి నాలుగు ట్రీట్‌మెంట్ల నమూనాలను ఒక రోజు, మిగిలిన నాలుగింటిని మరో రోజు చేసి బ్లాంక్ మరచిపోతే, సీసాలోని మార్పు ట్రీట్‌మెంట్ ప్రభావంగా పట్టికలోకి ఎక్కుతుంది. గణాంక విశ్లేషణ దానిని పట్టుకోలేకపోగా, సార్థకమైన భేదమని ముద్ర కూడా వేయవచ్చు. అభ్యర్థిని ఒక్కో రెప్లికేషన్‌లోని ఎనిమిది మడుల నమూనాలను, ఒక్కొక్కటి రెండుసార్లు చొప్పున, 16 కుప్పెలుగా ఒకే రోజు చేసింది. ప్రతి రోజూ రెండు బ్లాంకులు పెట్టింది. రోజుల మధ్య ఏ స్వల్ప తేడా మిగిలినా అది ఖండాల మధ్య తేడాలో కలుస్తుంది గాని ట్రీట్‌మెంట్ల మధ్యకు రాదు. ఈ క్రమం ఆమెకు గైడు చెప్పినదే కావచ్చు. అయినా ఎందుకు అలా చేశారో ఆమెకు తెలుసు. “మంచి అనుభవం” అన్న రెండు మాటల కింద కప్పబడిపోయిన విషయం ఇదే.

మరొక చిన్న వివరం కూడా దరఖాస్తులో చోటు పొందాలి. ఈ పద్ధతిలో మట్టిలోని కర్బనమంతా ఆక్సీకరణ చెందదు. సగటున 77 శాతమే లెక్కకు వస్తుందన్న ఆధారంతో కొందరు ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. మన భూసార పరీక్షల్లో 0.5 శాతం కంటే తక్కువైతే తక్కువ స్థాయి, 0.5 నుంచి 0.75 వరకు మధ్యమం అని చెప్పే వర్గీకరణ వాడుకలో ఉంది. 0.45 శాతం ఆ లెక్కన తక్కువ స్థాయి. 1.3తో గుణిస్తే 0.585 అవుతుంది, అదే నేల మధ్యమ స్థాయికి మారినట్టు కనబడుతుంది. కాబట్టి తాను ఇచ్చిన విలువలు గుణకం వాడినవా, వాడనివా అన్నది చెప్పగలిగిన అభ్యర్థి మాత్రమే ఆ పనిని పూర్తిగా ఎరిగినట్టు.

కోత, తూకం: అంకె వెనుక ఉన్న విస్తీర్ణం, తేమ

క్షేత్ర ప్రయోగాల నిర్వహణ అన్న మాటకూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. అభ్యర్థిని మడులు ఒక్కొక్కటి 4.0 మీటర్ల వెడల్పు, 4.8 మీటర్ల పొడవు గలవి. నాటు 20 × 15 సెం.మీ. ఎడంలో వేశారు. అంచున ఉన్న కుదుళ్లకు వెలుతురు, పోషకాలు ఎక్కువగా అందుతాయి. పక్క మడి ఎరువు ప్రభావం కూడా వాటిపై పడవచ్చు. అందుచేత ఇరువైపులా రెండేసి వరుసలను, రెండు కొసలలో రెండేసి కుదుళ్లను ముందుగా కోసి వేరు చేస్తారు. వెడల్పులో 20 వరుసలకు 16 మిగిలి 3.2 మీటర్లు, పొడవులో 32 కుదుళ్లకు 28 మిగిలి 4.2 మీటర్లు వస్తాయి. నికర విస్తీర్ణం 13.44 చదరపు మీటర్లు.

ఒక మడిలో నికర విస్తీర్ణం నుంచి నూర్చి, తూర్పారబట్టిన ధాన్యం 7.8 కిలోలు తూగింది. తూకం వేసిన వేళ తేమ 19 శాతం. తేమను లెక్కించకుండా హెక్టారుకు మారిస్తే 5,804 కిలోలు వస్తుంది. దిగుబడిని 14 శాతం తేమకు సరిచేస్తే 7.8 × 81 ÷ 86 = 7.35 కిలోలు, అంటే హెక్టారుకు సుమారు 5,466 కిలోలు. తేడా 338 కిలోలు. అన్ని మడుల్లో తేమ ఒకటే అయితే ఈ తేడా అందరికీ సమానంగా పడి పోలికను చెడగొట్టదు. కాని నత్రజని ఎక్కువగా వేసిన మడులు ఆలస్యంగా పక్వానికి వస్తాయి. ఒకే రోజు కోస్తే వాటి ధాన్యంలో తేమ ఎక్కువగా ఉంటుంది. అప్పుడు నీటి బరువే ఎరువు ప్రతిస్పందనగా నమోదవుతుంది. అధిక మోతాదుకు అనుకూలంగా వచ్చే ఈ తప్పు రైతు చేతికి అదనపు యూరియా సిఫారసుగా చేరగలదు.

అందువల్ల “దిగుబడి వివరాలు సేకరించాను” అనే వాక్యానికి బదులు, 24 మడులలో నికర విస్తీర్ణాన్ని తానే గుర్తించి, ప్రతి మడి ధాన్యానికి తూకం వేసిన వేళలోనే తేమ చూసి, 14 శాతానికి సరిచేశానని రాయడం సమంజసం. మాయిశ్చర్ మీటరును కొన్ని నమూనాల వరకు ఓవెన్‌లో ఆరబెట్టి తూచిన విలువతో పోల్చి చూసి ఉంటే ఆ మాట కూడా చేర్చాలి. చేయకపోతే చేర్చరాదు. ఈ చివరి నియమం చెప్పడానికి సులభం. మౌఖిక పరీక్షలో అభ్యర్థులు చిక్కుకునేది ఇక్కడే. ఎంపిక సంఘంలోని శాస్త్రవేత్త అడిగే రెండో ప్రశ్న ఎప్పుడూ మొదటి వాక్యంలోంచే పుడుతుంది. మీటరు ఎంత తేడా చూపిందని అడిగితే, చేసిన వారికి ఆ అంకె గుర్తుంటుంది. చేయని వారు సాధారణ సూత్రం చెబుతారు.

జరిగిన పొరపాటును ఎలా చెప్పాలి

అభ్యర్థిని తన మొదటి ప్రతిలో దాచిన విషయం ఒకటి ఉంది. కోత రోజు సాయంత్రం వాన పడింది. రెండో రెప్లికేషన్‌లో రెండు సంచుల పైచీటీలు తడిసి, బాల్ పెన్నుతో రాసిన మడి సంఖ్యలు చెరిగిపోయాయి. సంచుల లోపల చీటీలు వేయలేదు. ఒక్క సంచి అయితే మిగిలిన 23 గుర్తుల ఆధారంగా అది ఏ మడిదో చెప్పవచ్చు. రెండు సంచులు కావడంతో ఏది ఏ మడిదో తేల్చే మార్గం లేకపోయింది.

రెండు సంచుల్లో ఒకటి 6.1 కిలోలు, మరొకటి 7.4 కిలోలు ఉన్నాయి. గుర్తు తెలియని రెండు మడుల్లో ఒకటి తక్కువ నత్రజని వేసినది, మరొకటి ఎక్కువ వేసినది. ఎక్కువ బరువున్న సంచి ఎక్కువ నత్రజని మడిదే అయి ఉంటుందని అనిపించడం సహజం. అది నిజం కూడా కావచ్చు. అయితే అలా కేటాయిస్తే ప్రయోగం అడిగిన ప్రశ్నకు జవాబును ముందే ఊహించి, ఆ ఊహనే దత్తాంశంగా రాసినట్టవుతుంది. అంకెలు చక్కగా సరిపోతాయి, తప్పు ఎప్పటికీ బయటపడదు. పరిశోధనలో ప్రమాదకరమైనవి బయటపడని తప్పులే.

అభ్యర్థిని ఆ రాత్రే గైడుకు చెప్పింది. రెండు మడులను లోపించిన విలువలుగా పరిగణించి విశ్లేషణ చేశారు. దోష స్వాతంత్ర్యాంకాలు 14 నుంచి 12కు తగ్గాయి, పోలికల ఖచ్చితత్వం కొంత తగ్గింది, ఆ విషయం సిద్ధాంత వ్యాసంలో నమోదైంది. మూడో రెప్లికేషన్ కోతకు ముందే ఆమె పెన్సిలుతో రాసిన అట్ట చీటీలు ప్రతి సంచికి లోపల ఒకటి, బయట ఒకటి కట్టించింది.

ఇది దరఖాస్తులో రాయవచ్చునా అని విద్యార్థులు సందేహిస్తారు. రాయవచ్చు, కాని మూడు విషయాలు కలిసి ఉంటేనే. జరిగిన నష్టం ఎంతో అంకెలో చెప్పాలి. తరువాత ఏ పని మార్చుకున్నారో చెప్పాలి. తప్పును వానమీదికో కూలీలమీదికో నెట్టరాదు. వాన కారణం కాదు. లోపల చీటీ వేయకపోవడమే కారణం. ఈ మూడూ ఉన్న రెండు వాక్యాలు “నిజాయితీ నా స్వభావం” అన్న వాక్యం చేయలేని పనిని చేస్తాయి.

నేర్చుకోవాలన్న కోరికకు హద్దు గీయడం

“నేర్చుకోవాలనే తపన ఉంది” అన్న మాట దాదాపు ప్రతి దరఖాస్తులోను ఉంటుంది. దానిని నమ్మదగినదిగా చేసేది తనకు తెలిసిన దాని అంచు ఎక్కడ ఉందో గుర్తించడం. ఈ పథకంలో మీథేన్ కొలత ప్రధానమైన పని. అభ్యర్థిని దానిని ఎన్నడూ చేయలేదు. ఇలాంటప్పుడు రెండు తప్పులు జరుగుతుంటాయి. కొందరు తరగతిలో విన్నదాన్ని చేసినట్టు రాస్తారు. మరికొందరు తెలియదన్న మాటే ఎత్తరు.

మేలైన మార్గం ఆ పని ఏమిటో తెలుసుకుని, తనకు వచ్చిన పనుల్లో దేనికి అది దగ్గరగా ఉందో చూపడం. మీథేన్ సేకరణలో కుదుళ్లపై మూసిన పెట్టెను నీటి అమరికతో గాలి చొరబడకుండా నిలిపి, నిర్ణీత వ్యవధుల్లో, ఉదాహరణకు 0, 15, 30 నిమిషాలకు, సిరంజితో లోపలి గాలిని తీసి సీసాల్లో నింపుతారు. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఆ నమూనాల్లోని గాఢతను చెబుతుంది. గాఢత కాలంతో పాటు సరళరేఖలో పెరగాలి. ఆ రేఖ వాలు నుంచే విడుదల రేటు లెక్కిస్తారు. మొదటి నమూనాలోనే గాఢత అసహజంగా ఎక్కువగా ఉంటే, పెట్టె అమర్చే వేళ మడిలో అడుగు వేసి బురదను కదిలించి ఉండవచ్చు. బురదలో చిక్కుకున్న బుడగలు ఒక్కసారిగా పైకి వస్తాయి. అందుకే పెట్టెల దగ్గరకు చేరడానికి మడిలో ముందే చెక్కల నడకదారి వేస్తారు. చివరి నమూనాలో గాఢత పెరగకపోతే పెట్టెలోంచి గాలి కారుతోందని అనుమానించాలి.

ఈ మాత్రం చదివి అర్థం చేసుకున్న అభ్యర్థి తన కోరికను ఒక ప్రశ్నగా మార్చగలదు. నీరు ఆరనిచ్చిన మడుల్లో నీటి మట్టం నేలకంటే కిందికి దిగినప్పుడు పెట్టె అడుగు భాగం గాలి చొరకుండా ఎలా నిలుస్తుంది? నిరంతరం నీరున్న మడిలో ఈ సమస్య లేదు. రెండు పద్ధతులనూ పోల్చే ప్రయోగంలో ఒకదానిలో మాత్రమే గాలి కారితే, ఆరబెట్టిన మడిలో మీథేన్ నిజంగా తగ్గిందా, కారిపోయిందా తెలియదు. సాధారణంగా నేలలోకి దింపిన ఆధార చట్రం చుట్టూ గాడి ఉండి, ఆ గాడిలో విడిగా నీరు పోస్తారు. ప్రతి సేకరణకు ముందు ఆ నీటిని చూసుకోవడం రీసెర్చ్ అసిస్టెంట్ పని. ఈ ప్రశ్న అడిగిన వారికి తపన ఉందని వేరే చెప్పనక్కరలేదు.

తెలియని వాటిని చెప్పడంలో మితం అవసరం. పథకానికి సంబంధించినవి ఒకటి రెండు చాలు. అభ్యర్థిని విషయంలో రెండు హద్దులు చెప్పదగినవి. ఒకటి మీథేన్ సేకరణ. రెండోది ఆమె సేంద్రియ కర్బనం చేసిన నేలలు ఉప్పు నేలలు కావు. క్లోరైడు ఎక్కువగా ఉన్న తీరప్రాంత నేలల్లో అది కూడా డైక్రోమేట్‌ను ఖర్చు చేసి విలువను పెంచుతుంది. అక్కడ ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలపాలి. ఈ మార్పు ఆమె చదివినదే గాని చేసినది కాదు.

సవరించిన వివరణ

పై అంశాలను అనుసరించి అభ్యర్థిని తిరిగి రాసిన ప్రతి ఈ విధంగా ఉంది:

“వరిలో నత్రజని మోతాదులపై ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు గల ప్రయోగాన్ని ఒక ఖరీఫ్ కాలంపాటు నిర్వహించాను. మడుల కొలత, ఎరువుల తూకం, నికర విస్తీర్ణం గుర్తింపు నేనే చేశాను. నాట్లు, కోత, నూర్పిడి కూలీల సహాయంతో జరిగాయి. తూకం వేసిన వేళలోనే ప్రతి మడి ధాన్యం తేమ చూసి, దిగుబడిని 14 శాతం తేమకు సరిచేశాను.

కోత అనంతరం 24 మడుల మట్టిలో సేంద్రియ కర్బనాన్ని వాక్లీ, బ్లాక్ పద్ధతిలో, ఒక్కో నమూనాకు రెండుసార్లు చొప్పున 48 నిర్ధారణలు చేశాను. ఒక్కో రెప్లికేషన్‌ను ఒక్కో రోజు పూర్తి చేసి, ప్రతి రోజు రెండు బ్లాంకులు పెట్టాను. విలువలకు 1.3 గుణకం వాడలేదు. నమూనాలు ఉప్పు నేలలవి కావు. క్లోరైడు సవరణ నేను చేయలేదు. లభ్య భాస్వరం, పొటాష్ విశ్లేషణలు ప్రయోగశాల సిబ్బంది చేసి ఇచ్చారు.

కోత సమయంలో రెండు సంచులకు లోపల చీటీలు వేయలేదు. పైచీటీలు తడిసి చెరిగినందున ఆ రెండు మడుల దిగుబడిని లోపించిన విలువలుగా తీసుకున్నాము. దోష స్వాతంత్ర్యాంకాలు 14 నుంచి 12కు తగ్గాయి. అప్పటి నుంచి ప్రతి సంచికి పెన్సిలుతో రాసిన చీటీలు లోపల, బయట వేస్తున్నాను.

మూసిన పెట్టె పద్ధతిలో మీథేన్ సేకరణ నేను చేయలేదు. నిర్ణీత నిమిషానికి రీడింగు తీసుకోవడం, ప్రతి విడతకు బ్లాంక్ పెట్టడం వరకు నాకు అలవాటు ఉంది. నీరు ఆరనిచ్చిన మడుల్లో ఆధార చట్రం దగ్గర గాలి కారకుండా చూసుకోవడం, గాఢత సరళరేఖలో పెరగని నమూనాలను ఏ నియమం ప్రకారం తొలగించాలో తెలుసుకోవడం ఈ పథకంలో నేను మొదట నేర్చుకోదలచినవి. నా క్షేత్ర పుస్తకాన్ని, ప్రయోగశాల నోట్‌పుస్తకాన్ని మౌఖిక పరీక్షకు తీసుకురాగలను.”

ఈ ప్రతిలో “నైపుణ్యం”, “అనుభవం”, “తపన” అన్న మాటలు లేవు. మొదటి ప్రతి కంటే ఇది పొడవు. అయితే ప్రతి వాక్యం నుంచి ఒక ప్రశ్న అడగవచ్చు, ప్రతి ప్రశ్నకు నోట్‌పుస్తకంలో ఒక పుట ఉంది. ఇతరులు చేసిన విశ్లేషణలను ఇతరులవిగా చెప్పడం వల్ల, తనవిగా చెప్పినవి నిజంగా తనవేనన్న నమ్మకం కలుగుతుంది.

గైడు, విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఇటువంటి వివరణ దరఖాస్తు గడువుకు ముందు రాత్రి పుట్టదు. పని జరిగిన రోజున నోట్‌పుస్తకంలో నమోదైనదే తరువాత దరఖాస్తులోకి వస్తుంది. బ్లాంక్ రీడింగు, ద్రావణం తయారుచేసిన తేదీ, తూకం నాటి తేమ, పని ఎవరు చేశారన్న వివరం అప్పుడే రాయకపోతే రెండేళ్ల తరువాత మిగిలేది “మంచి అనుభవం” ఒక్కటే. ఏరువాక కేంద్రాల్లోను, కృషి విజ్ఞాన కేంద్రాల్లోను, గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమంలోను విద్యార్థులను పర్యవేక్షించే శాస్త్రవేత్తలు వారి పుస్తకాల్లో “స్వయంగా చేసినది”, “చూసినది”, “ఇతరులు చేసి ఇచ్చినది” అని మూడు గడులు వేయిస్తే ఈ లోపం చాలావరకు తీరుతుంది. రైతు పొలంలో తీసిన మట్టి నమూనాకు కూడా అదే గడులు వర్తిస్తాయి. ఎన్ని చోట్ల తవ్వారు, ఎంత లోతు తీశారు, గట్ల పక్కన, పెంటకుప్పల చోట విడిచిపెట్టారా అన్నది చీటీపై లేనప్పుడు ఆ నమూనా ఫలితం ఏ పొలాన్ని సూచిస్తుందో చెప్పలేము.

గైడు ఇచ్చే సిఫారసు లేఖ కూడా ఈ వివరణతో సరిపోలాలి. అభ్యర్థి 48 నిర్ధారణలు చేశానని రాసి, గైడు “అన్ని ప్రయోగశాల పద్ధతుల్లో నిష్ణాతురాలు” అని రాస్తే, ఎంపిక సంఘం రెండింటిలో ఒకదానిని మాత్రమే నమ్మగలదు. సాధారణంగా నష్టపోయేది నిజం రాసిన అభ్యర్థి. ఆమె ప్రతిని చదివి, తాను కళ్లారా చూసిన పనులను మాత్రమే లేఖలో ధ్రువీకరించడం గైడు చేయగలిగిన మేలు.